ఫిర్యాదు ఎవరి చేతికి వెళ్లకూడదు?

ఒక కంపెనీలో కొనుగోళ్ల విభాగం అధిపతి మీద ఇంటర్నల్ ఆడిట్‌కు ఆకాశరామన్న ఉత్తరం వచ్చిందనుకుందాం. ఆర్డర్లన్నీ ఒకే సప్లయర్‌కు వెళ్తున్నాయనీ, పోటీగా పెట్టే మిగతా రెండు కొటేషన్లూ అతని ఆఫీసులోనే తయారవుతున్నాయనీ అందులో ఉంది.

అది నిజమా కాదా అన్నది తర్వాతి సంగతి. ఎవరికి తెలియకూడదో ముందు తేల్చుకోవాలి. చాలాచోట్ల ఆడిట్ అధికారి మర్యాద కొద్దీ ఆ పెద్దమనిషికే ఫోన్ చేసి, "మీ మీద ఇలా వచ్చింది, ఏమంటారు?" అని అడుగుతారు. విచారణ అక్కడే సగం చచ్చిపోతుంది. సాయంత్రానికల్లా సప్లయర్‌కు కబురు అందుతుంది, ఉత్తరం రాసిందెవరన్న ఆరా మొదలవుతుంది.

ఉత్తరం వెళ్లాల్సింది బోర్డులోని ఆడిట్ కమిటీ చైర్మన్ దగ్గరికి. లిస్టెడ్ కంపెనీల్లో ఫిర్యాదుదారు కూడా అవసరమైతే నేరుగా ఆయన్నే ఆశ్రయించే వీలుండాలని 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్ చెబుతోంది. ఆ దారి విలువ అమెరికాలో 2002లో తెలిసింది. వరల్డ్‌కామ్‌లో ఫైనాన్స్ అధిపతి స్కాట్ సల్లివన్ ఆడిట్‌ను వాయిదా వేయమంటే, ఇంటర్నల్ ఆడిట్ అధిపతి సింథియా కూపర్ ఆగలేదు. ఆడిట్ కమిటీ చైర్మన్‌కు విషయం చెప్పారు. మామూలు ఖర్చులను ఆస్తులుగా రాసి 380 కోట్ల డాలర్ల మేర చేసిన మోసం అలా బయటపడింది.

ఇక సాక్ష్యాల సంగతి. ఆ సప్లయర్ ఫైలు ఒక్కటే అడిగితే, తెచ్చిచ్చే గుమస్తాకే విషయం అర్థమైపోతుంది. అందుకే ఏడాది కొనుగోళ్లన్నీ మామూలు ఆడిట్‌లాగే తెప్పించుకోవాలి. చైర్మన్ అనుమతితో ఈమెయిళ్ల కాపీ ముందే భద్రపరచాలి. తర్వాత మూడు కొటేషన్లూ పక్కపక్కన పెట్టి చూడాలి. వేర్వేరు సంస్థల కాగితాల్లో ఒకే అక్షరదోషం, ఒకే ఫోన్ నంబర్ కనిపించవచ్చు. కొటేషన్ తేదీ నాటికి ఆ సంస్థకు జీఎస్టీ రిజిస్ట్రేషనే లేదని తేలవచ్చు. ఇవేవీ లేకపోతే ఉత్తరం కక్షతో రాసిందేమోనని కూడా ఆలోచించాలి. ఈ ఫైళ్లను గతంలో పాస్ చేసింది ఇదే ఆడిట్ బృందమైతే, విచారణ బయటివాళ్లకు అప్పగించడమే సరి.

ఆ అధికారిని పిలవాల్సింది కాగితాలన్నీ చేతికొచ్చాకే. అయితే ఆయన మాట వినకుండా నివేదిక రాయకూడదు. ఇద్దరు ఆడిటర్లు కూర్చుని, చెప్పింది చెప్పినట్టు రాసుకుని సంతకం తీసుకోవాలి. నివేదికలో రుజువైనవీ కానివీ విడివిడిగా ఉండాలి. శిక్ష ఏమిటన్నది బోర్డు చూసుకుంటుంది.

నివేదిక ఇచ్చేశాక చాలామంది ఆడిటర్లు ఫైలు మూసేస్తారు. దయచేసి మూయకండి. ఆ విభాగంలో మరో ఏడాదిపాటు జరిగే బదిలీలనూ, ఉన్నట్టుండి పడిపోయిన రేటింగులనూ గమనించి కమిటీ ముందు పెట్టండి.