చామనఛాయ చర్మం ఎండకు కమలదా?

మీకు తెలుసా? ఎండకు చర్మం కమిలిన సంగతి ఎండలో ఉండగా మనకు తెలియదు. మంట మూడు నాలుగు గంటలు ఆలస్యంగా మొదలవుతుంది. 12 నుంచి 24 గంటల మధ్య బాగా ముదురుతుంది. కాబట్టి మంట పుట్టాక నీడకు వెళ్దాంలే అనుకుంటే, అప్పటికే చేటు జరిగిపోయి ఉంటుంది. పైగా చర్మాన్ని కాల్చేది ఎండ వేడి కాదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు. సముద్రపు గాలి ఒంటికి చల్లగా తగులుతున్నా, పల్చటి మబ్బు పట్టినా అవి వాటి పని అవి చేసుకుపోతాయి.

తెల్లగా ఉండేవాళ్లకు ఒళ్లు ఎర్రబడుతుంది కాబట్టి ఇట్టే తెలిసిపోతుంది. మన చామనఛాయ, నలుపు చర్మాల మీద ఆ ఎరుపు సరిగా కనిపించదు. అందుకని కంటితో కాదు, చేత్తో చూడాలి. ఎండ తగిలిన చోట అరచేతి వెనుక భాగం ఆనించి, తర్వాత బట్ట కప్పిన చోట ఆనించండి. మొదటిచోట వేడిగా ఉండి, నొక్కితే నొప్పి పుడుతుంటే, చర్మం బిగుసుకుపోయినట్టు, దురదగా ఉంటే అది కమిలినట్టే. రంగు కూడా ఎర్రగా కాకుండా ముదురు గోధుమ రంగులోకో, ఊదా ఛాయలోకో తిరగొచ్చు.

మా మేనల్లుడు మే నెలలో ఒక ఆదివారం స్నేహితులతో బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌కి వెళ్లాడు. పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా బనియన్‌తోనే నీళ్లలో ఉన్నాడు. ‘నల్లటోణ్ని, నాకేమవుతుంది మామయ్యా’ అని వాడి ధీమా. సాయంత్రానికి భుజాల మీద చొక్కా ఆనితే ఓర్చుకోలేకపోయాడు, రాత్రి వెల్లకిలా పడుకోలేకపోయాడు. వాళ్లమ్మ ఒంటికి వేడి చేసిందనుకుని మజ్జిగ ఇచ్చింది. నీళ్లు, మజ్జిగ ఎక్కువగా తాగడం మంచిదే, కానీ కాలిన చర్మానికి పైన కూడా చికిత్స కావాలి.

చికిత్స అంటే పెద్దదేమీ కాదు. పది పదిహేను నిమిషాలు చల్లటి నీళ్లతో స్నానం చేయాలి, లేదా తడిపిన మెత్తటి బట్ట భుజాల మీద వేసి మారుస్తూ ఉండాలి. రోజుకు మూడు నాలుగుసార్లు ఇలా చేయొచ్చు. ఐస్ ముక్క నేరుగా పెట్టకూడదు, దెబ్బతిన్న చర్మం దానికి ఇంకా దెబ్బతింటుంది. సబ్బుతో రుద్దొద్దు. తువ్వాలుతో అద్దుకుని, ఒంటి మీద తడి ఇంకా ఉండగానే సువాసనలు లేని మాయిశ్చరైజర్ గానీ, కలబంద జెల్ గానీ రాయాలి. చాలామంది ముందు కొబ్బరి నూనె సీసా అందుకుంటారు. మొదటి రోజు అది వద్దు, జిడ్డు పొర లోపలి వేడిని బయటికి పోనివ్వదు. నొప్పి ఎక్కువగా ఉంటే పారాసిటమాల్ చాలు. ఐబుప్రొఫెన్ వాపును కూడా తగ్గిస్తుంది గానీ కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లూ గర్భిణులూ దాని జోలికి పోకూడదు. బొబ్బలు లేస్తే చిదమొద్దు, కింద పుండు మానేదాకా ఆ పై పొరే కట్టులా కాపాడుతుంది. బొబ్బలు పెద్ద మేర లేచినా, చలిజ్వరం, వాంతులు, తల తిరగడం, మాట తడబడటం లాంటివి కనిపించినా ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఏడాది లోపు పసిపిల్లలైతే కాస్త కమిలినా డాక్టరుకు చూపించాల్సిందే.

మా వాడికి బొబ్బలు రాలేదు. గురువారం నాటికి మంట పోయి, భుజాల మీద పొట్టు లేవడం మొదలైంది. చర్మం రోజూ పాత కణాలను వదిలించుకుంటూనే ఉంటుంది, కాకపోతే అవి మన కంటికి కనిపించనంత సన్నగా రాలిపోతాయి. అతినీలలోహిత కిరణాలకు డీఎన్‌ఏ బాగా పాడైన కణాలు మాత్రం ఒకేసారి తమంతట తామే చనిపోతాయి. అవి మూకుమ్మడిగా ఊడటమే మనకు పొరలా కనిపిస్తుంది. ఆ పొరను లాగాలని చేతులు ఊరుకోవు. లాగితే వదులుగా ఉన్నదానితో పాటు ఇంకా అతుక్కుని ఉన్నది కూడా చిరిగి, కింద పచ్చి చర్మం బయటపడుతుంది. వేలాడే ముక్కను కత్తెరతో కత్తిరించి, మాయిశ్చరైజర్ రాసి వదిలేయాలి. కింద వచ్చే కొత్త చర్మం చాలా సున్నితం, కొన్ని వారాల పాటు దాని మీద బట్ట కప్పే బయటికి వెళ్లాలి.

మనవాళ్లు ఎక్కువగా పొరపడేది ఈ దశలోనే. వాచి మంటపుట్టిన చోట మన చర్మం రంగును ఎక్కువగా తయారుచేసుకుంటుంది, ఆ నల్ల మచ్చ నెలల తరబడి ఉంటుంది. అది పోవాలని సున్నిపిండితో గట్టిగా రుద్దుతారు. రుద్దిన కొద్దీ మళ్లీ వాపు, మళ్లీ నలుపు. నిమ్మరసం ఇంకా ప్రమాదం. అది రాసుకుని ఎండలోకి వెళితే అందులోని పదార్థాలు ఎండతో కలిసి బొబ్బలు లేపుతాయి. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ‘తెల్లబడే’ క్రీములంటే నాకు అన్నిటికంటే భయం. మొదట్లో మచ్చ తగ్గినట్టే ఉంటుంది, తర్వాత చర్మం పల్చబడిపోతుంది, ఎండను అస్సలు తట్టుకోలేదు.

మరి నలుపే మనకు గొడుగు కదా? కొంతవరకు నిజం. చాలా నల్లటి చర్మంలోని మెలనిన్ సుమారు 13 ఎస్‌పీఎఫ్‌తో సమానమని 1979లో అమెరికాలో లెక్కగట్టారు. మన చామనఛాయకు ఆ రక్షణ ఇంకా తక్కువ. వైద్యులు కనీసం 30 ఎస్‌పీఎఫ్ వాడమంటారు. అసలు సంగతి ఇంకోటి ఉంది. మన చర్మాన్ని నల్లబరిచేవి అతినీలలోహిత కిరణాలు మాత్రమే కావు, కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా. డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి వైద్యులు 2010లో ప్రచురించిన పరిశోధనలో, ముదురు రంగు చర్మం ఈ వెలుతురుకు నల్లబడి చాలా రోజులు అలాగే ఉండిపోయింది. తెల్లవాళ్ల చర్మంలో ఆ మార్పు రాలేదు. మంగు మచ్చలు సన్‌స్క్రీన్ రాసుకున్నా ఎందుకు తగ్గడం లేదని బాధపడేవాళ్లకు జవాబు ఇందులో ఉంది. మామూలు సన్‌స్క్రీన్ ఈ వెలుతురును ఆపలేదు.

ఒక మాట సూటిగా చెప్పాలి. ముదురు రంగువాళ్లలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ వచ్చేది అరుదు, వచ్చినా ఎక్కువగా అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద వస్తుంది. గాయకుడు బాబ్ మార్లీకి కాలి బొటనవేలి గోటి కింద వచ్చింది, 1981లో ఆయన చనిపోయాడు. దానికీ ఎండకూ సంబంధం ఉన్నట్టు కనిపించదు. గోటిలో కొత్తగా నల్లటి చార వచ్చి వెడల్పవుతుంటే సన్‌స్క్రీన్ ఏమీ చేయదు, చర్మ వైద్యులకు చూపించుకోవాలి. మన రంగువాళ్లకు సన్‌స్క్రీన్ వల్ల ఒనగూడేది కమలకుండా, మచ్చలు పడకుండా, ఉన్న మంగు ముదరకుండా చూసుకోవడమే. తెల్లబడటానికి అది పనికిరాదు, ఎవరైనా అలా చెప్పి అమ్మితే నమ్మొద్దు.

కొనేటప్పుడు రంగు కలిసిన టింటెడ్ సన్‌స్క్రీన్ అడగండి. అందులో ఐరన్ ఆక్సైడ్లు ఉంటాయి. వెలుతురును ఆపేవి అవే, ముఖం మీద తెల్లగా సున్నం పూసినట్టు కనిపించకుండా చేసేవీ అవే. ట్యూబు వెనక సీఐ 77491, 77492, 77499 అనే అంకెలు ఉన్నాయేమో చూడండి. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది. శనగగింజంత రాస్తే పెట్టె మీద రాసిన ఎస్‌పీఎఫ్‌లో చాలా తక్కువే అందుతుంది. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చినా చెమటపట్టి తుడుచుకున్నా వెంటనే మళ్లీ రాయాలి. ఈ ట్యూబులు చవకేమీ కాదు. ఒళ్లంతా రాసే స్తోమత లేకపోతే ముఖానికి మాత్రమే వాడి, మిగతా ఒంటికి పొడుగు చేతుల నేత చొక్కా, గొడుగు వాడుకోవచ్చు.