ముఖం ఒకరిది, భయం మరొకరిది: కనుబొమలు కుదిర్చే పని

సినిమాలో డూప్ చేసిన ప్రమాదకరమైన షాట్‌లో అసలు నటి ముఖాన్ని అతికించేటప్పుడు ఎక్కువ చిక్కు పెట్టేవి కనుబొమలు. ముక్కు, చెంప ఎముకలు, నుదుటి కట్టు ఉన్నచోటే ఉంటాయి. తల కోణం, పరిమాణం ఒకసారి కుదిరితే అవీ కుదిరినట్టే. కనుబొమ అలా కాదు. ఆ మనిషి ఎవరో, ఆ క్షణంలో ఆమెకు ఏమనిపిస్తోందో రెండూ అదే చెబుతుంది. నటి ముఖాన్ని విడిగా తీసిన షాట్‌లో ఆమె నెమ్మదిగా ఉండి, డూప్ మాత్రం తాడు పట్టుకుని వేలాడుతూ హడలిపోయి ఉంటే ఈ రెండు సంగతులూ ఒకదానికొకటి అడ్డుపడతాయి.

ఈ పని కొత్తది కాదు. 1993లో వచ్చిన ‘జురాసిక్ పార్క్’లో బాలిక పాత్ర పైకప్పు సందులోంచి కిందికి జారి వేలాడే షాట్ ఒకటుంది. దాన్ని చేసిన డూప్ పొరపాటున తల పైకెత్తి కెమెరా వైపు చూసింది. ఆ కొద్దిపాటి ఫ్రేముల్లో ఆమె ముఖం స్థానంలో బాలనటి అరియానా రిచర్డ్స్ ముఖాన్ని కంప్యూటర్‌లో అమర్చారు. ఆనాటి నుంచి పరికరాలు ఎంతో మారాయి, కనుబొమల లెక్క మాత్రం మారలేదు.

మనుషుల్ని గుర్తుపట్టడంలో కనుబొమలకున్న బలం సామాన్యంగా అనుకునే దానికన్నా ఎక్కువ. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2003లో ప్రసిద్ధుల ఫొటోల్లో ఒకసారి కళ్ళు, ఇంకోసారి కనుబొమలు చెరిపి చూపించారు. కళ్ళు లేని ముఖాల కన్నా కనుబొమలు లేని ముఖాలను గుర్తుపట్టడమే చూసినవారికి కష్టమైంది. అందుకే డూప్ కనుబొమల్ని అలాగే ఉంచేసి తక్కిన ముఖం మార్చితే భయం సరిగ్గానే ఉంటుంది కానీ తెర మీద కనిపించేది నటి కాదు. నటి కనుబొమల్ని ఉన్నవి ఉన్నట్టు తెచ్చిపెడితే నటి కనిపిస్తుంది, భయం కనిపించదు. నోరు అరుస్తుంటే నుదురు నిద్రపోతున్నట్టుంటుంది.

దీనికి దారి, కనుబొమ లక్షణాలను రెండు వాటాలుగా విడదీయడం. వెంట్రుకల దట్టం, పట్టీ మందం, మొదలు నుంచి కొస దాకా పొడవు, వెంట్రుకలు వాలే దిశ, మధ్యలో ఉన్న చిన్న ఖాళీ లేదా గాటు, ఇవన్నీ మనిషివి. వీటిని నటి నుంచే తీసుకోవాలి. పైకి లేవడం, కిందికి దిగడం, మొదళ్ళు దగ్గరవడం, వంపు పెరగడం లేదా చదును కావడం, ఇవి ఆ క్షణానివి. వీటిని డూప్ నుంచి తీసుకోవాలి. ఆకారం మాత్రం రెండు వైపులా నిలబడుతుంది: సహజమైన వంపు నటిది, ఆ వంపులో వచ్చిన మార్పు డూప్‌ది.

మార్పును చదవాలంటే కండరాలు తెలియాలి. నుదుటి కండరం లోపలి భాగం కనుబొమ మొదలును, బయటి భాగం కొసవైపును లేపుతాయి. రెండు కనుబొమల మధ్య ఉండే చిన్న కండరాలు మొదళ్ళను దగ్గరికి, కిందికి లాగుతాయి. బొమముడి పడేది వాటివల్లనే. పాల్ ఎక్‌మన్, వాలెస్ ఫ్రీసెన్ 1978లో ప్రకటించిన ముఖ కదలికల పట్టికలో ఈ మూడింటికీ 1, 2, 4 అని అంకెలిచ్చారు. నేటి యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియోల్లో ఆ అంకెలు బాగా వాడుకలో ఉన్నాయి. ఆశ్చర్యంలో 1, 2 కలిసి కనుబొమ విల్లులా లేస్తుంది. దుఃఖంలో 1, 4 కలిసి మొదళ్ళు మాత్రమే పైకి వాలతాయి. భయంలో మూడూ పనిచేస్తాయి కనుక కనుబొమ లేస్తుంది కానీ విల్లులా వంగదు, దగ్గరపడి దాదాపు చదునుగా సాగుతుంది. భయాన్ని ఆశ్చర్యంగా చదివి కనుబొమను వంచేయడం ఈ పనిలో తరచూ కనిపించే తప్పు. భరతుడి నాట్యశాస్త్రం కూడా కనుబొమల కదలికలను ఏడుగా విడదీసి, రెండూ లేవడం, దిగడం, ఒక్కటే లేవడం వంటివాటిని వేరువేరుగా చెప్పింది. నటనను దగ్గరగా చూసిన వారెవరికైనా ఈ విభజన అవసరమైందన్నమాట.

ఒక ఉదాహరణను అంకెలతో చూస్తే పద్ధతి స్పష్టమవుతుంది. నటివి మందమైన, తిన్నని కనుబొమలు. డూప్‌వి సన్నగా తీర్చిన, వంపు తిరిగిన కనుబొమలు. ముందుగా రెండు ముఖాలనూ ఒకే కొలతలోకి తేవాలి. దానికి కనుబొమలను ఆధారం చేసుకోకూడదు, కదిలేవి అవే కదా. కళ్ళ లోపలి మూలలు, ముక్కు అడుగు నిలకడైన గుర్తులు. నల్లగుడ్డు వెడల్పు పెద్దవాళ్ళలో మనిషి మనిషికీ పెద్దగా మారదు, సుమారు 12 మిల్లీమీటర్లు ఉంటుంది. షాట్‌లో అది 48 పిక్సెళ్ళు ఉంటే ఒక మిల్లీమీటరుకు 4 పిక్సెళ్ళు అనుకోవచ్చు.

తర్వాత కళ్ళ లోపలి మూలలను కలుపుతూ ఒక గీత గీసి, కనుబొమ అడుగు అంచు ఆ గీతకు ఎంత ఎత్తులో ఉందో కొలవాలి. భయపడిన ఫ్రేములో డూప్ కనుబొమ 104 పిక్సెళ్ళ ఎత్తులో ఉంది. నటి కనుబొమను కూడా అక్కడే పెట్టాలని అనిపిస్తుంది. సరిగ్గా ఇక్కడే పని చెడుతుంది. డూప్ కనుబొమ మామూలుగా ఎక్కడ ఉంటుందో కూడా చూడాలి. అదే షాట్‌లో, భయం మొదలవకముందు, తల అదే కోణంలో ఉన్న ఫ్రేములో అది 80 పిక్సెళ్ళ దగ్గరుంది. అంటే భయం వల్ల లేచింది 24 పిక్సెళ్ళు, సుమారు 6 మిల్లీమీటర్లు. నటి కనుబొమ మామూలుగా 68 పిక్సెళ్ళ ఎత్తులో ఉంటే దాని కొత్త చోటు 92, 104 కాదు. ఆ 12 పిక్సెళ్ళ తేడా మూడే మిల్లీమీటర్లు. అంతమాత్రానికే నటి వేరే మనిషిలా మారిపోతుంది. డూప్ నుంచి తీసుకోవలసింది కనుబొమ ఉన్న స్థానం కాదు, అది కదిలిన దూరం. మొదళ్ళు దగ్గరపడటాన్నీ ఇలాగే కొలవాలి. ఈ ఉదాహరణలో ఒక్కోటి 8 పిక్సెళ్ళు లోపలికి జరిగిందనుకుందాం.

ఇప్పుడు డూప్ కనుబొమలను చెరపాలి. నటివి మందమైనవి కాబట్టి కింద ఉన్నవాటిని కప్పేస్తాయని వదిలేయకూడదు. వెంట్రుకల సందుల్లోంచి కింది చర్మం కనిపిస్తుంది, వంపు పైభాగం బయటికి పొడుచుకొస్తుంది. పక్కనున్న చర్మంతో శుభ్రంగా పూడ్చాలి. నుదుటి మీది ముడతలు మాత్రం చెరపకూడదు, భయానికి సాక్ష్యం అవే. నటి కనుబొమలు సన్నవై డూప్‌వి మందంగా ఉంటే ఈ పని ఇంకా కష్టం, పూడ్చిన చర్మం చాలాభాగం బయటికే కనిపిస్తుంది.

నటి కనుబొమను విడి పొరలోకి తెచ్చి జరిపేటప్పుడు మొత్తాన్ని ఒక్కముక్కగా పైకి తోస్తే చాలదు. ఫొటోషాప్‌లోని `Edit > Puppet Warp` లాంటి సాధనంతో మొదలు, నడుమ, వంపు శిఖరం, కొస అనే నాలుగు చోట్ల పిన్నులు గుచ్చాలి. మొదలును 24 పైకి, 8 లోపలికి, నడుమను 24 పైకి జరపాలి. శిఖరాన్నీ కొసనూ డూప్ కొలతల ప్రకారం అంతకన్నా తక్కువ లేపాలి. మందం మారుతోందా అని ప్రతిసారీ సరిచూసుకోవాలి. పిన్నుల మధ్య బొమ్మ సాగితే పట్టీ వెడల్పవుతుంది, వెంట్రుకలు అలుక్కుపోతాయి. అలా జరిగితే సాగిన చోట వెంట్రుకలను ఒక్కొక్కటిగా గీయడమే మేలు. మొదలు దగ్గర అవి దాదాపు నిటారుగా, నడుమలో పక్కకు వాలి, కొసలో కిందికి దిగుతూ పెరుగుతాయి. కుడి కనుబొమను తిప్పి ఎడమవైపు అతికించడం ఎంత సులువో అంత ప్రమాదం. ఏ మనిషికీ రెండు కనుబొమలు సరిగ్గా ఒక్కలా ఉండవు, వెలుగు కూడా తలకిందులవుతుంది.

కనుబొమ ఒంటరిగా కదలదు. అది లేచినప్పుడు పైరెప్పకూ కనుబొమకూ మధ్య చర్మం విచ్చుకుంటుంది, రెప్ప మడత స్పష్టపడుతుంది. బొమముడి పడితే ఆ మడత మూసుకుపోతుంది. కాబట్టి కనుబొమ లేపి, నటి నెమ్మదిగా ఉన్నప్పటి రెప్పలనే వదిలేస్తే కనుబొమ నుదుటి మీద అంటించినట్టుంటుంది. భయంలో పైరెప్ప కూడా లేచి నల్లగుడ్డు మీద తెలుపు కనబడాలి. ముడతల విషయంలో, కనుబొమ లేస్తే నుదుట అడ్డగీతలు, దగ్గరైతే నడుమ నిలువుగీతలు. కనుబొమను జరిపి గీతలు పెట్టకపోయినా, గీతలుంచి కనుబొమను జరపకపోయినా చూసేవారు వెంటనే ఏదో తేడా ఉందని పసిగడతారు.

కదిలే షాట్‌లో ఇంకో మెట్టు ఉంది. సెకనుకు 24 ఫ్రేముల సినిమాలో అరసెకనులో లేచే కనుబొమకు 12 ఫ్రేములు పడతాయి. మొదటి, చివరి ఫ్రేములు సరిచేసి మధ్యవాటిని సమానంగా పంచితే కదలిక యంత్రంలా ఉంటుంది. డూప్ కనుబొమ మొదట వేగంగా లేచి చివర్లో నెమ్మదిస్తే నటిదీ అలాగే నడవాలి. చర్మం మీది పుట్టుమచ్చలు ఒకవైపు, కనుబొమ మరోవైపు కదులుతున్నాయా అని చూడటం ఇక్కడ మంచి పరీక్ష. విడి ఫ్రేముకైతే బొమ్మను అద్దంలోలా తిప్పి చూడాలి, నోటిని చేత్తో మూసి కనుబొమలు, కళ్ళు ఒక్కటే భావం చెబుతున్నాయా అని చూడాలి.

ముఖాలు మార్చే ఏఐ మోడళ్ళు ఈ శ్రమను చాలా తగ్గించాయి, కానీ ఇక్కడే వాటి బలహీనత కూడా ఉంది. కనుబొమలకు కొంచెం పైన ఆగిపోయే ముసుగు వాడితే డూప్ కనుబొమ బాగా లేచిన ఫ్రేముల్లో అది ముసుగు బయటికి పోతుంది. అప్పుడు నటి కనుబొమ కింద, డూప్ కనుబొమ పైన, రెండు జతలు కనిపిస్తాయి. నుదురంతా కప్పే ముసుగు ఎంచుకుంటే ఇది చాలావరకు పోతుంది. ముఖాన్ని 128 పిక్సెళ్ళ చదరంలో తయారుచేసే మోడళ్ళలో కనుబొమ మందానికి మిగిలేది కొద్ది పిక్సెళ్ళే కనుక వెంట్రుకలు మరకలా మారతాయి. నటి లేచిన కనుబొమలతో ఉన్న ఫ్రేములు శిక్షణకు ఇవ్వకపోతే మోడల్ వాటిని సగంలోనే ఆపేస్తుంది.

ఇంత చేసినా హద్దులున్నాయి. కనుబొమ 2, 3 మిల్లీమీటర్లు జరగాల్సిన చోట ఈ పద్ధతి చక్కగా నిలుస్తుంది. పూర్తిగా లేచిన కనుబొమ ఒక సెంటీమీటరు వరకు ప్రయాణిస్తుంది. అంత దూరం నెమ్మదిగా ఉన్న ముఖాన్ని లాగితే చర్మం అబద్ధమాడక తప్పదు. తల బాగా పక్కకు తిరిగితే అవతలి కనుబొమ కుదించుకుపోతుంది కాబట్టి కొలతలూ పనికిరావు. అందుచేత డూప్ షాట్ తీసే రోజునే, అదే లెన్సుతో, అదే వెలుగులో నటి ముఖాన్ని నాలుగు భావాల్లో తీసి పెట్టుకోవాలని దర్శకులకు, ఛాయాగ్రాహకులకు విన్నపం: మామూలుగా, కనుబొమలు లేపి, బొమముడి వేసి, భయపడుతూ. దానికి పట్టేది కొద్ది నిమిషాలే, ఎడిటింగ్ గదిలో ఆ లోటును పూడ్చడానికి మాత్రం రోజులు పడతాయి.