పిట్ట తలకి సన్‌స్క్రీన్

‘ముఖచిత్రానికి తేనెటీగ. గురువారానికల్లా కాపీ కావాలి’ అన్నారు ఎడిటర్. తేనెటీగ కోసం వెతుకుతుంటే 1999లో ‘నేచర్’లో వచ్చిన ఓ చిన్న పరిశోధన పత్రం కంటపడింది. అది ఒక పిట్ట గురించి. ఇక దాన్ని వదల్లేకపోయాను.

ఆ పిట్ట బ్లూ టిట్. ఐరోపా తోటల్లో మన పిచ్చుకంత మామూలుగా కనిపిస్తుంది. మగదీ ఆడదీ మనకు ఒకేలా ఉంటాయి, రెండింటికీ తలమీద నీలం టోపీయే. కానీ అతినీలలోహిత కాంతిని కూడా కొలిచే పరికరంతో చూస్తే, మగదాని తల ఆ కాంతిని ఎక్కువగా వెనక్కి కొడుతుందని 1998లోనే తేలింది. ఇదేమీ రంగు పదార్థం వల్ల వచ్చేది కాదు. ఈకలోని కెరటిన్ స్పాంజిలా అల్లుకున్న తీరువల్ల వస్తుంది.

మరి ఆడ పిట్ట దాన్ని పట్టించుకుంటుందా? స్వీడన్‌లోని గోట్‌లండ్ దీవిలో ఆ పత్రం రాసిన బెన్ షెల్డన్ బృందం కొన్ని మగ పిట్టల తలలకు సన్‌స్క్రీన్ రసాయనాలు పూసింది. వాటిని కలపడానికి వాడింది బాతు తోక మొదట్లో ఉండే నూనెగ్రంథి కొవ్వు. మిగతా మగవాటికి ఉత్త కొవ్వే రాశారు, ఎందుకంటే తేడా వస్తే అది జిడ్డువల్ల వచ్చిందేమోనన్న అనుమానం ఉండకూడదు. మన కంటికి రెండు రకాలూ నీలంగానే ఉన్నాయి.

ఉత్త కొవ్వు రాసిన గుంపులో, తల బాగా మెరిసే మగవాటి గూళ్లలో మగపిల్లలు ఎక్కువ పాళ్లలో పుట్టాయి. సన్‌స్క్రీన్ పూసిన గుంపులో ఆ లెక్క తలకిందులైంది. అంటే తల్లి పిట్ట తండ్రి తల మెరుపును చూసి, పిల్లల్లో ఆడామగా పాళ్లను మార్చుకుంటోందన్నమాట! నాకైతే కొంచెం అనుమానమే. తర్వాత మిగతాచోట్ల చేసిన ప్రయోగాల్లో ఇదే ఫలితం ప్రతిసారీ రాలేదు. ఆడ పిట్టకు ఆ మెరుపు కనబడుతుందన్న మాట మాత్రం నిలబడింది.

చరిత్ర గబగబా చెప్పేస్తాను: చీమలు అతినీలలోహితాన్ని పసిగడతాయని జాన్ లబక్ 1880లలో చూపాడు, తేనెటీగల సంగతి 1920లలో తేలింది. మన కంటి కటకమే ఆ కాంతిని చాలావరకు ఆపేస్తుంది. పక్షులకైతే మనకున్న మూడు రకాల రంగు కణాలకు తోడు నాలుగోదీ ఉంటుంది.

ఎడిటర్ గారి తేనెటీగ

పొద్దుతిరుగుడు రేకలు మనకు మొత్తం పసుపే. తేనెటీగకు మాత్రం మొదళ్లు ఒకలా, కొసలు ఒకలా కనిపిస్తాయి. మొదళ్లలోని ఫ్లేవనాల్స్ అతినీలలోహితాన్ని పీల్చేసుకుంటే, కొసలు వెనక్కి పంపుతాయి. మొదళ్లన్నీ కలిసి పువ్వు మధ్యలో చేసే ఆ వలయం ఎంత పెద్దదన్నది ఎక్కువగా ఒక్క జన్యువు చేతిలోనే ఉందని, పొడిగాలి ప్రాంతాల మొక్కల్లో వలయం పెద్దదని 2022లో కెనడా శాస్త్రవేత్తలు చెప్పారు. ఆ ఫ్లేవనాల్సే రేకలోని నీరు ఆవిరైపోకుండా కాస్త కాపాడతాయట.

పాఠకులకు మనవి

యూవీ టార్చి వేస్తే పువ్వు వెలిగిందని ఫొటోలు పంపకండి. అది పువ్వు యూవీని పీల్చుకుని మనకు కనబడే కాంతిగా వదలడం, తేనెటీగ చూసేది అది కాదు. మామూలు కెమెరా సెన్సర్ ముందు యూవీని అడ్డుకునే ఫిల్టర్ ఉంటుంది. దాన్ని తీయించిన కెమెరాతో, యూవీని మాత్రమే లోపలికి వదిలే ఫిల్టర్ పెట్టి, ఎండలో తీసిన ఫొటో ఉంటే తప్పక పంపండి.