గీయని బాణం

ఎప్పుడో ఒకసారి లాగిన్ అయి ఉంటాం. ఆ తర్వాత యాప్ ఎన్నిసార్లు తెరిచినా పాస్‌వర్డ్ అడగదు. తెరవెనుక జరిగే ఈ తతంగాన్ని ఇంజనీర్లు ఒక బొమ్మగా గీసుకుంటారు. అదే సీక్వెన్స్ డయాగ్రమ్. యాప్‌కు, లాగిన్ సర్వర్‌కు, డేటాబేస్‌కు తలా ఒక నిలువు గీత ఉంటుంది. ఒకటి మరొకదానికి ఏదైనా పంపితే వాటి మధ్య అడ్డంగా బాణం గీస్తారు. పైనుంచి కిందికి చదివితే ఏది ముందో ఏది వెనకో తెలుస్తుంది.

లాగిన్ కాగానే యాప్ చేతికి రెండు టోకెన్లు వస్తాయి. యాక్సెస్ టోకెన్ 15 నిమిషాలు, రిఫ్రెష్ టోకెన్ 30 రోజులు చెల్లుతాయనుకుందాం. మొదటిదానికి గడువు తీరినప్పుడల్లా రెండోదాన్ని చూపించి యాప్ కొత్త జత తెచ్చుకుంటుంది. బొమ్మలో ఆ భాగం ఇలా ఉంది:

```
App->>Auth: refresh(R1)
Auth-->>App: A2, R2
```

పాతది ఇచ్చి కొత్తది పుచ్చుకున్నట్టే కనిపిస్తుంది. కానీ ఇలాంటి చోట నేను చూసేది ఒక్కటే: జవాబిచ్చే ముందు సర్వర్ ఎక్కడైనా ఏమైనా రాసుకుందా? ఇక్కడ డేటాబేస్ వైపు ఒక్క బాణమూ లేదు. R1 వాడేశారన్న సంగతి ఎక్కడా నమోదు కాలేదు. సంతకం, గడువు సరిపోతే అది మళ్లీ చెల్లుతుంది. సినిమా హాలు గేటు దగ్గర టికెట్ చింపకుండా లోపలికి పంపడం లాంటిదే ఇది.

ఉదయం 10 గంటలకు మీరు లాగిన్ అయ్యారు. ఫోన్‌లో చేరిన ఒక దొంగ ప్రోగ్రామ్ R1ను కాపీ చేసింది. 10:15కు మీ యాప్ R1 ఇచ్చి R2 తెచ్చుకుంది. 10:20కు దొంగ అదే R1 చూపించాడు, సర్వర్ వాడికి R3 ఇచ్చింది. ఇక రెండు వరుసలూ పక్కపక్కనే నడుస్తాయి. మీకు ఏ తేడా కనిపించదు.

మందు ఒక బాణమే. కొత్త జత ఇచ్చే ముందు సర్వర్ డేటాబేస్‌లో R1ను 'వాడేసింది' అని గుర్తు పెట్టాలి. వాడేసిన టోకెన్ మళ్లీ వస్తే, వచ్చింది దొంగో అసలు మనిషో సర్వర్‌కు తెలియదు. అందుకే ఆ లాగిన్ నుంచి పుట్టిన రిఫ్రెష్ టోకెన్లన్నీ రద్దు చేసి, మళ్లీ పాస్‌వర్డ్ అడగాలి. 2025 జనవరిలో వెలువడిన RFC 9700 అనే ఓఆథ్ భద్రతా పత్రం వివరించే పద్ధతి కూడా ఇదే.

దీనికీ ఒక చిక్కుంది. R2 వస్తుండగా సిగ్నల్ పోతే, యాప్ పాపం మళ్లీ R1నే పంపుతుంది, అసలు మనిషే బయటపడతాడు. అందుకని కొందరు కొన్ని సెకన్ల వెసులుబాటు ఇస్తారు. ఆ వెసులుబాటు దొంగకూ పనికొస్తుంది కాబట్టి దాన్ని పెంచుకుంటూ పోకూడదు. అప్పటికే ఇచ్చేసిన యాక్సెస్ టోకెన్ కూడా, ప్రతిసారీ విడిగా సరిచూస్తే తప్ప, గడువు తీరేదాకా పనిచేస్తూనే ఉంటుంది.

మీ బృందం దగ్గర ఇలాంటి బొమ్మ ఉంటే బయటికి తీయండి. రిఫ్రెష్ బాణం తర్వాత లాగౌట్ బాణాన్నీ చూడండి. అది యాప్ గీత దగ్గరే ఆగిపోతే, లాగౌట్ నొక్కాక కూడా సర్వర్ దృష్టిలో మీరింకా లోపలే ఉన్నట్టు.