పేరాలోంచి పనుల చిట్టా

కూతురి పురిటికని అమ్మ మూడు నెలలు వేరే ఊరు వెళ్తోంది. బయల్దేరే ముందు రోజు రాత్రి భర్తకీ కొడుక్కీ కలిపి ఒక కాగితం రాసి ఫ్రిజ్‌కి అంటించింది. మనకు తెలిసిన ఏ ఇంట్లోనైనా అది ఇంచుమించు ఇలాగే ఉంటుంది:

"లేవగానే పాలు కాచండి. రాత్రి గిన్నెలు మిగిలితే తోమేయండి. స్టవ్ రోజూ తుడవాలి, బర్నర్లు అప్పుడప్పుడు తీసి కడగాలి. ఇల్లు ఊడ్చి తడిగుడ్డ పెట్టండి. ఫ్యాన్లకు దుమ్ము పట్టనివ్వకండి. దేవుడి గూట్లో నిన్నటి పూలు తీసెయ్యండి, శుక్రవారం పటాలు తుడవండి. దుప్పట్లు, గలీబులు మారుస్తుండండి. బాత్రూం కడిగాక జాలీలో వెంట్రుకలు తీసెయ్యాలి. మెషిన్‌లో బట్టలు వేస్తే వెంటనే ఆరేయండి, ఎండాక మడతపెట్టండి. కూలర్ నీళ్ళు మార్చాలి. ఫ్రిజ్ వెనక ట్రే చూస్తుండండి. మొక్కలకు నీళ్ళు పొయ్యండి. ఫిల్టర్ మీద ఎర్ర లైటు వెలిగితే మెకానిక్‌కి ఫోన్ చెయ్యండి. చెత్త తడిదీ పొడిదీ వేరుచేసి బండికి ఇవ్వండి."

రాసినావిడకి ఇందులో లోటేమీ కనిపించదు. ఏ పని ఎప్పుడన్నది ఆవిడ చేతులకే తెలుసు. చదివేవాళ్ళకి మాత్రం రెండో రోజుకే చిక్కు మొదలవుతుంది. దీన్ని చిట్టాగా మార్చాలంటే ముందు పెన్సిల్ తీసుకుని పని చెప్పే ప్రతి మాట కిందా గీత గీయాలి. వాక్యాల లెక్క ఇక్కడ పనికిరాదు. స్టవ్ గురించిన వాక్యం ఒకటే అయినా అందులో పనులు రెండు. ఒకటి రోజూ చేసేది, రెండోది ఎప్పుడో తెలియనిది. బట్టల వాక్యంలో మెషిన్‌లో వేయడం, ఆరేయడం, మడతపెట్టడం అని మూడున్నాయి. అలా గీసుకుంటూ పోతే మొత్తం 21 గీతలు వస్తాయి. ఈ అంకెను కాగితం మూలన రాసి పెట్టుకోవాలి, చివర్లో అక్కరకొస్తుంది.

తర్వాత గదులు. సగం పనులు వాటంతట అవే సర్దుకుంటాయి. పాలు, స్టవ్, బర్నర్లు వంటింటివి, పూలు దేవుడి గూటివి. పేచీ పెట్టేవి గది దాటి నడిచే పనులు. ఊడవడాన్ని గదికోసారి రాస్తే చిట్టా చాంతాడంత అవుతుంది. చీపురు పట్టినవాళ్ళు ఎలాగూ ఇల్లంతా ఒక ఊపులో ఊడుస్తారు కాబట్టి 'ఇల్లంతా' అని ఒక శీర్షిక పెడితే సరిపోతుంది. బట్టలది ఇంకో సంగతి. ఆరేసేది బాల్కనీలో, కానీ ఆ పని మరిచిపోయేది మెషిన్ దగ్గర. అది ఆగిన సంగతి పట్టించుకోక తడిబట్టల్ని లోపలే వదిలేస్తే సాయంత్రానికి ముక్కవాసన వేస్తాయి. అందుకని మెషిన్ బాత్రూంలో ఉంటే ఆరేసే పనిని కూడా బాత్రూం కిందే రాయాలి. పని జరిగే గది కన్నా, అది గుర్తుకు రావాల్సిన గది ముఖ్యం. ఈ లెక్కన మడతపెట్టడం బాల్కనీ కిందికి వస్తుంది. బట్టలు ఎండాయని తెలిసేది అక్కడే.

అసలు కష్టం ఎన్నాళ్ళకోసారి అన్న దగ్గరుంది. పేరాలో 'రోజూ', 'శుక్రవారం' అని తేల్చి చెప్పినవి రెండే. ఎర్ర లైటు, ఎండిన బట్టలు లాంటివాటికి క్యాలెండర్‌తో పనిలేదు, ఫలానాది జరిగినప్పుడు చేయాలి. వాటిని రోజూ గడిలో పెడితే అబద్ధపు టిక్కులు పడతాయి. మిగిలినవన్నీ 'అప్పుడప్పుడు', 'చూస్తుండండి' బాపతు. వీటికి సొంతంగా అంకెలు వేసేయకుండా పక్కన ప్రశ్నార్థకం పెట్టి, అమ్మకు ఫోన్ చేసి అడగడమే నయం. అడిగేటప్పుడు 'ఎప్పుడు చెయ్యాలి?' అంటే మళ్ళీ 'అప్పుడప్పుడు' అనే అంటుంది. 'చివరిసారి ఎప్పుడు చేశావమ్మా, అంతకుముందు ఎప్పుడు?' అని అడిగితే మధ్య ఉన్న రోజులు బయటపడతాయి.

కూలర్, ఫ్రిజ్ ట్రే మాత్రం అమ్మ అలవాటుకు వదిలేసేవి కావు. డెంగీని మోసే ఏడిస్ దోమ నిలవ నీటిలో గుడ్డు నుంచి దోమగా ఎదగడానికి ఎండాకాలంలో వారం, పది రోజులు చాలు. అందుకే వారానికోసారైనా ఆ నీళ్ళు పారబోయాలి. శుక్రవారం డ్రై డే పాటించమని మన రెండు రాష్ట్రాల్లోనూ ఆరోగ్య శాఖలు చెప్పేది ఈ లెక్కతోనే. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఈ దోమ గుడ్లు నీటి అంచుకు కాస్త పైన గోడకు అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. 'నీళ్ళు మార్చాలి' అన్న అమ్మ మాటను ఉన్నదున్నట్టు దించుకుంటే చిట్టా తప్పినట్టే. 'ఖాళీ చేసి, లోపలి గోడలు తోమి, ఆరబెట్టడం' అని రాయాలి.

అన్నీ అడిగి తేల్చుకున్నాక ఆ పేరా ఇలా తయారవుతుంది:

వంటిల్లు
□ పాలు కాచడం – రోజూ, లేవగానే
□ రాత్రి మిగిలిన గిన్నెలు తోమడం – రోజూ
□ స్టవ్ తుడవడం – రోజూ, రాత్రి వంటయ్యాక
□ తడి, పొడి చెత్త వేరుచేసి బండికివ్వడం – రోజూ
□ బర్నర్లు తీసి కడగడం – ఆదివారం
□ ఫ్రిజ్ వెనక ట్రే ఖాళీ చేసి తోమడం – శుక్రవారం
□ ఫిల్టర్ మెకానిక్‌కి ఫోన్ – ఎర్ర లైటు వెలిగితే

దేవుడి గూడు
□ నిన్నటి పూలు తీయడం – రోజూ
□ పటాలు తుడవడం – శుక్రవారం

హాలు
□ కూలర్ ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టడం – శుక్రవారం, వాడినన్నాళ్ళూ

బెడ్‌రూములు
□ దుప్పట్లు, గలీబులు మార్చడం – నెలలో మొదటి, మూడో ఆదివారాలు

బాత్రూం
□ కడగడం – బుధ, ఆదివారాలు
□ జాలీలో వెంట్రుకలు తీయడం – కడిగిన ప్రతిసారీ
□ మెషిన్‌లో బట్టలు వేయడం – రోజు విడిచి రోజు
□ ఆరేయడం – మెషిన్ ఆగగానే

బాల్కనీ
□ మొక్కలకు నీళ్ళు – రోజూ
□ బట్టలు మడతపెట్టడం – ఎండగానే

ఇల్లంతా
□ ఊడ్చి తడిగుడ్డ పెట్టడం – రోజూ
□ ఫ్యాన్లు తుడవడం – నెలలో మొదటి ఆదివారం

ఇప్పుడు మూలన రాసుకున్న అంకెతో సరిచూడాలి. గీతలు 21, చిట్టాలో వరుసలు 19. ఊడవడం, తడిగుడ్డ కలిసి ఒకటయ్యాయి, చెత్త వేరుచేయడం, ఇవ్వడం ఒకటయ్యాయి. లెక్క కుదిరింది. జాలీని మాత్రం బాత్రూం కడగడంలో కలపలేదు. కలిపితే ముందుగా ఎగిరిపోయేది అదే, నీళ్ళు నిలబడ్డాక గానీ ఎవరికీ తెలియదు. రాస్తుండగా 'మరి మెషిన్ ఫిల్టర్ ఎవరు కడుగుతారు?' లాంటివి తడతాయి. పేరాలో లేనిదాన్ని గుట్టుగా చిట్టాలో దూర్చకుండా అడుగున విడిగా రాసి, అమ్మను అడిగాకే పైకి ఎక్కించాలి.

వారం పనులకు 'వారానికోసారి' అని వదిలేయకుండా వారం పేరు రాయడం చూశారు కదా. పేరు లేని పని వచ్చే వారానికి జరిగిపోతూనే ఉంటుంది. వారాలు వేశాక ఒకే రోజున పడ్డ పనుల్ని పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటి ఆదివారం ఫ్యాన్లూ ఉన్నాయి, దుప్పట్లూ ఉన్నాయి. దుప్పట్లు ముందు మారిస్తే ఫ్యాను దుమ్మంతా కొత్త దుప్పటి మీదే పడుతుంది. దుప్పట్ల వరుసలో 'ఫ్యాన్లు తుడిచాక' అని చేర్చాలి. శుక్రవారం ఉద్యోగాల హడావిడిలో పటాలు, కూలర్, ట్రే మూడూ కష్టమైతే పటాలు ఎలాగూ కదలవు, కూలర్‌నీ ట్రేనీ ఆదివారానికి మార్చుకోవచ్చు. ఏడు రోజుల గడువు దాటకపోతే చాలు.

ఏ గది చిట్టా ఆ గది తలుపు వెనకే అంటించి, మూడు వారాలయ్యాక ఓసారి చూడండి. ఒక వరుసలో టిక్కులు పడకపోయినా ఎవరికీ ఇబ్బంది కలగలేదంటే ఆ పనికి వేసిన గడువు మరీ దగ్గరది, పెంచొచ్చు. టిక్కులు పడకపోగా బర్నర్ మంట పసుపుగా మారిందంటే గడువు సరైనదే, వారమో మనిషో మారాలి.