ఒకే టైమ్ ఇద్దరికి ఇచ్చేస్తే...

బ్యూటీ పార్లర్‌లో శనివారం సాయంత్రం 4 గంటలకు ఒకరు ఫోన్‌లో, మరొకరు వాట్సాప్‌లో బుక్ చేసుకున్నారు. డైరీలో ఒకటే ఎక్కింది. ఏళ్లుగా వస్తున్న కస్టమర్ వెనక్కి వెళ్లిపోయారు. ఆ రాత్రిలోగా ఆమెకు ఇలా రాయాలి:

"మేడమ్, మీకిచ్చిన టైమ్ మేమే ఇంకొకరికీ ఇచ్చేశాం. తప్పు పూర్తిగా మాదే. పనులు మానుకుని వచ్చి మీరు తిరిగి వెళ్లాల్సి వచ్చింది, క్షమించండి. రేపు ఉదయం 10, సోమవారం సాయంత్రం 5 గంటలు మీకోసం ఆపి ఉంచాం. ఏది వీలో చెప్పండి. ఈసారి హెయిర్ కలర్‌కి డబ్బులు తీసుకోం."

'రద్దీ వల్ల', 'కొత్త అమ్మాయి పొరపాటు' లాంటి మాటలు ఇందులో లేవు. అవి సాకుల్లా వినిపిస్తాయి. పోయింది ఆమె టైమ్ కాబట్టి డిస్కౌంట్ కన్నా ముందు టైమే ఇవ్వాలి. ఆమె జవాబు వచ్చేదాకా ఆ రెండు స్లాట్‌లూ ఇంకెవరికీ ఇవ్వకండి.