ఏడేళ్ల తర్వాత ఒక సాయంత్రం

నవల ముగిశాక కొన్నేళ్లు దాటించి, పాత్రలు ఏమయ్యారో చూపే చివరి అధ్యాయాన్ని ఉపసంహారం అంటాం. చాలామంది దాన్ని హాజరుపట్టీలా రాస్తారు. ఫలానావాడికి పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. ఫలానావాడు పశ్చాత్తాపపడ్డాడు. పేర్లు తీసేస్తే ఆ వాక్యాలు ఏ నవలకైనా సరిపోతాయి. ఇంత తేలిగ్గా చేయిజారే ఈ పనిని టాల్‌స్టాయ్ ‘యుద్ధము–శాంతి’లో ఎలా నిలబెట్టాడో చూడాలి.

అసలు కథ 1812లో నెపోలియన్ రష్యా నుంచి వెనుదిరిగాక కొద్దికాలానికి ముగుస్తుంది. ఉపసంహారం మొదటి భాగం అక్కణ్నుంచి ఏడేళ్లు దాటుతుంది. నటాషా, పియర్‌ల పెళ్లి, ఆమె తండ్రి మరణం, ఆయన మిగిల్చిన అప్పులు, నికొలాయ్‌కి మరియాతో వివాహం, ఇవన్నీ కొద్ది పేజీల్లో గబగబా చెప్పేస్తాడు. ఆ తర్వాత వేగం ఒక్కసారిగా తగ్గుతుంది. 1820 డిసెంబరు 5, పండగ ముందురోజు, పల్లెలోని ఒక పెద్ద ఇల్లు. మిగిలినదంతా దాదాపు ఆ ఒక్క రోజే. పీటర్స్‌బర్గ్ వెళ్లిన పియర్ చెప్పిన గడువు దాటినా రాలేదు. నటాషా చిరాకుగా, దిగులుగా ఉంది. అంతలో బండి చప్పుడు వినిపిస్తుంది. ఏడేళ్ల సంసారం ఎలా సాగిందో ఆ ఎదురుచూపూ, అతను రాగానే ఆమె పెట్టిన తగాదా, మరుక్షణమే కరిగిపోయిన కోపమూ చెబుతాయి. రచయిత విడిగా లెక్క చెప్పనక్కర్లేదు.

ఈ నటాషా చాలామంది పాఠకులకు నచ్చదు. నాట్యమాడిన, పాడిన ఆ సన్నని పిల్ల ఇప్పుడు ఒళ్లు చేసింది, పాట దాదాపు మానేసింది, నలుగురు పిల్లల తల్లి, భర్త మీద అనుమానం. కానీ ఆమె దుఃఖంలో లేదు. పాఠకుడు పోగొట్టుకున్నదేదో ఆమె పోగొట్టుకున్నట్టు అనుకోవడం లేదు. ఆ తేడాను టాల్‌స్టాయ్ సర్దిచెప్పడు. మంచి ఉపసంహారం పాత్రను మనం కోరినట్టు ఉంచదు, అలాగని శిక్షించదు కూడా. అది మనల్ని ఇబ్బంది పెడితే పెట్టనీ అని నా అభిప్రాయం.

నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది సోన్యా విషయం. నికొలాయ్‌ని చిన్ననాటి నుంచీ ప్రేమించి, అతను మరియాను పెళ్లాడాక అదే ఇంట్లో ఉండిపోయిన మనిషి ఆమె. తేలిగ్గా రాసేవాడైతే ఆమెకు ఒక వరుణ్ని వెతికిపెడతాడు, లేదా మఠానికి పంపుతాడు. టాల్‌స్టాయ్ ఆమెను సమోవార్ దగ్గర, అంటే టీ మరిగే పాత్ర దగ్గర, అలసటగా కూర్చోబెట్టి వదిలేశాడు. ఆమె మంచితనానికి ఫలితం దక్కలేదు. మరియాకు ఆమె మీద అయిష్టం, ఆ అయిష్టం గురించి తప్పుచేసిన భావన, రెండూ ఉన్నాయి. తీరని లెక్క ఉన్న పాత్రకు ఉపన్యాసం కాదు, గదిలో ఒక చోటు, చేతికి ఒక పని ఇవ్వాలి.

ఇక ముడి వేయకుండా ఆపడం. ఆ రాత్రి పియర్ ప్రభుత్వ తీరు సహించరానిదనీ, నిజాయతీపరులంతా ఏకం కావాలనీ అంటాడు. నికొలాయ్ తాను ప్రమాణం చేసిన సైనికుణ్నని, ఆజ్ఞ వస్తే ఆ సంఘం మీదికే దళాన్ని నడిపిస్తానని కరాఖండిగా చెబుతాడు. చనిపోయిన ఆండ్రీ కొడుకు, 15 ఏళ్ల నికోలెంకా, మూల కూర్చుని విని, ఉద్వేగంలో బల్ల మీది లక్క కడ్డీలు, కలాలు విరిచేస్తాడు.

1825 డిసెంబరు 14న పీటర్స్‌బర్గ్‌లో తిరుగుబాటు జరిగిందని, నాయకులు ఐదుగురిని ఉరితీశారని, వందకు పైగా మందిని సైబీరియాకు పంపారని రష్యన్ పాఠకులకు తెలుసు. టాల్‌స్టాయ్ మొదట రాయబోయింది కూడా ఆ తిరుగుబాటుదారుల్లో ఒకడు 1856లో సైబీరియా నుంచి తిరిగిరావడం గురించే. కారణాలు వెతుకుతూ 1825కీ, 1812కీ, చివరికి 1805కీ వెనక్కి వెళ్లాడు. రాబోయేది ఆయనకు తెలుసు, ఐనా రాయలేదు. ముగింపు తెరిచి ఉంచడానికీ, రచయితకే తెలియక వదిలేయడానికీ తేడా ఇక్కడే కనిపిస్తుంది. తెలిసి వదిలితే ప్రతి మాటకూ ఒక దిశ ఉంటుంది.

ఎన్నేళ్లు దాటాలన్న లెక్క కూడా అందులోంచే వస్తుంది. రెండేళ్లే దాటితే పెళ్లిళ్లు అలవాటుగా మారవు, పిల్లవాడు ఇంకా పసివాడే. పదిహేనేళ్లు దాటితే తిరుగుబాటు అయిపోయి ఉంటుంది, అప్పుడు ఫలితం చెప్పక తప్పదు. 1820 నాటికి రహస్య సంఘాలు పుట్టాయి గానీ ఇంకా ఏమీ తేలలేదు. కాబట్టి ఉపసంహారం రాసేవారు ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: పాత గొడవ పర్యవసానాలు కనబడుతూ, కొత్త గొడవ ఇంకా బయటపడని ఏడాది ఏది? అది దొరికితే, ఆ ఏడాదిలో అందరూ ఒక కప్పు కిందికి చేరాల్సిన రోజును ఎంచుకుని అక్కడ రాయడం మొదలుపెట్టవచ్చు.